ఐదున్నర నెలలు కారు కదలదు: ట్యాంక్ నింపి వెళ్లాలా, ఖాళీగా ఉంచాలా? ఆయిల్ ఇప్పుడే మార్చాలా?

కాకినాడ_మాస్టారు

అమ్మాయి పురుడుకని నేనూ మా ఆవిడా జూన్ రెండో వారంలో డాలస్ వెళ్తున్నాం. తిరిగి వచ్చేసరికి నవంబర్ నెలాఖరు. అప్పటిదాకా కారు అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో కదలకుండా ఉంటుంది. 2021 స్విఫ్ట్, పెట్రోల్, 37 లీటర్ల ట్యాంక్. ఇప్పుడు అందులో ఆరేడు లీటర్లు ఉంది. ఆయిల్ మార్చి ఏడు నెలలైంది, ఈ ఏడు నెలల్లో తిరిగింది 3,800 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం మార్కెట్టుకీ, గుడికీ, మూడు నాలుగు కిలోమీటర్ల లోపు తిరుగుళ్లే.

ముగ్గురిని అడిగితే మూడు మాటలు చెప్పారు. సర్వీస్ సెంటర్ అతను "10,000 కిలోమీటర్ల దాకా ఆయిల్ జోలికి పోకండి" అన్నాడు. మా తోడల్లుడు "ట్యాంక్ ఖాళీగా ఉంచు, వచ్చాక కొత్త పెట్రోల్ పోసుకోవచ్చు" అంటున్నాడు. కింద వాచ్‌మన్ "తాళం ఇచ్చి వెళ్లండి సార్, వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తా" అంటున్నాడు.

2023లో ఇలాగే నాలుగు నెలలు వెళ్లి వచ్చాను. అప్పుడు పావు ట్యాంక్‌తో వదిలేశాను. వచ్చాక స్టార్ట్ అయింది, కానీ కొట్టుకుంటూ ఆగిపోయేది. చివరికి ట్యాంక్ దింపి, పంపు మార్చాల్సి వచ్చింది. ఈసారి అలా కాకూడదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బుల్లెట్_కిరణ్

పెట్రోల్ కాక్ ఆఫ్ చేసి, ఇంజిన్ దానంతట అది ఆగిపోయేదాకా నడపండి మాస్టారూ. కార్బురేటర్‌లో చుక్క మిగలకూడదు. నా పాత బుల్లెట్‌కి ఎప్పుడూ అదే చేస్తాను, ఆరు నెలలైనా రెండో కిక్కుకి అందుకుంటుంది.

ఆటోనగర్_రాజు

కిరణ్ తమ్ముడూ, స్విఫ్ట్‌కి కాక్ ఎక్కడిది, కార్బురేటర్ ఎక్కడిది! ఇంజెక్షన్ బండిని పెట్రోల్ అయిపోయి ఆగేదాకా నడిపితే ట్యాంక్‌లో ఉన్న పంపు ఎండిపోతుంది. ఆ పంపు చల్లబడేది చుట్టూ ఉన్న పెట్రోల్‌తోనే. నీ సలహా బుల్లెట్‌కి సరిగ్గా సరిపోతుంది, దీనికి పనికిరాదు.

మాస్టారు గారూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నా మాట: ట్యాంక్ నింపండి, ఆయిల్ వెళ్లే ముందే మార్చండి, వాచ్‌మన్‌కు తాళం ఇవ్వకండి.

హరిత_మణికొండ

ట్యాంక్ నింపడం మీద నాకు అనుమానం ఉంది. ఇప్పుడు అన్ని బంకుల్లోనూ వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఇథనాల్ నీళ్లని పీల్చుకుంటుందని అందరూ చెబుతున్నదే. 37 లీటర్లు నింపితే 37 లీటర్లూ పాడవుతాయి కదా? ఏడు లీటర్లు పాడైతే నష్టం ఏడు లీటర్లే. వాళ్ల తోడల్లుడు గారు చెప్పింది నాకైతే సబబుగానే ఉంది.

వైజాగ్_పద్మజ

హరిత గారూ, మాకు జరిగింది వినండి. ఎంవీపీ కాలనీలో ఉంటాం, సముద్రం గాలి ఎప్పుడూ ఉండేదే. నాన్నగారి కారు ఏడు నెలలు అలాగే ఉంది, ట్యాంక్‌లో పావు కన్నా తక్కువే. స్టార్ట్ కాకపోతే మెకానిక్ వచ్చి ట్యాంక్ అడుగు నుంచి ఒక గాజు సీసాలోకి తీసి చూపించాడు. సీసాలో రెండు పొరలు! పైన పెట్రోల్, కింద వేరే రంగులో రెండు వేళ్ల మందాన ఇంకో ద్రవం. అది ఇథనాల్, నీళ్లు కలిసిన పొర అన్నాడు. పంపు పీల్చేది అడుగు నుంచే కాబట్టి ఇంజిన్‌కు ముందు వెళ్లేది అదే. గాలిలో చెమ్మ వల్లే ఇలా అయిందని చెప్పాడు. అందుకే ట్యాంక్‌లో గాలికి చోటు ఉంచకుండా నింపాలన్నాడు.

ల్యాబ్_విశ్రాంతి

నేను పెట్రోలియం ల్యాబ్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. పద్మజ గారి మెకానిక్ చూపించింది నిజమే, చెప్పిన కారణం మాత్రం లెక్కకు నిలవదు. మాస్టారి ట్యాంక్‌తోనే లెక్క వేసి చూద్దాం.

ట్యాంక్‌లో 7 లీటర్ల పెట్రోల్ ఉంటే పైన 30 లీటర్ల గాలి ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో, ఇక పట్టనంత చెమ్మ ఉన్న వెయ్యి లీటర్ల గాలిలో ఉండే నీరు సుమారు 30 గ్రాములు. అంటే ఆ 30 లీటర్ల గాలిలో ఉన్నది ఒక గ్రాము కూడా కాదు. పగలు వేడెక్కి, రాత్రి చల్లబడి ట్యాంక్ ఊపిరి తీస్తుంది కదా అంటారు. రోజుకు రెండున్నర లీటర్ల కొత్త గాలి లోపలికి వస్తుందనుకుందాం, ఇది కాస్త ఎక్కువ వేసిన లెక్కే. 165 రోజులకు 400 లీటర్ల పైచిలుకు గాలి. అందులో ఉన్న నీరంతా పెట్రోల్‌లోనే దిగిపోయినా 12 గ్రాములు, అంటే రెండు చెంచాలకు కాస్త ఎక్కువ.

ఇప్పుడు రెండో వైపు చూడండి. పది శాతం ఇథనాల్ ఉన్న పాత ఈ10 పెట్రోలే తన పరిమాణంలో దాదాపు అర శాతం నీటిని విడిపోకుండా కలుపుకుంటుంది. ఆ లెక్కన 7 లీటర్లకు 35 మిల్లీలీటర్లు. ఈ20 అంతకన్నా ఎక్కువే మోస్తుంది. కాబట్టి మూత సరిగ్గా ఉన్న ట్యాంక్‌లో, ఐదారు నెలల్లో, గాలి చెమ్మ ఒక్కటే రెండు పొరలు చేయడం చాలా కష్టం. పద్మజ గారూ, సీసాలో రెండు వేళ్ల మందాన కనిపించిందంటే ఆ నీళ్లు ఎక్కడి నుంచో నీళ్లుగానే లోపలికి వచ్చాయి. కారు ఆపే ముందు పెట్రోల్ ఎప్పుడు పోయించారో, మూత రబ్బరు ఎలా ఉందో గుర్తుందా?

వైజాగ్_పద్మజ

మూత రబ్బరు పగిలి ఉందని మెకానిక్ మార్చాడు, అది నిజమే. అయితే కారు ఉన్నది షెడ్డు కింద. పెట్రోల్ మాత్రం వాన పడుతున్న రోజే పోయించారు నాన్నగారు. ఈ రెండింటిలో ఏదో ఇక ఇప్పుడు చెప్పలేను.

ఆటోనగర్_రాజు

నా షెడ్డుకు వచ్చే నీళ్ల కేసులు చాలావరకు వానాకాలంలోనే వస్తాయి. అవి నెలల తరబడి ఆపిన బళ్లే కానక్కర్లేదు, నిన్న పోయించుకుని ఇవాళ ఆగిపోయినవీ ఉంటాయి. అందుకే మాస్టారు గారికి చెప్పేదేమిటంటే, ఆ చివరి ఫుల్ ట్యాంక్ వాన లేని రోజు, బాగా అమ్మకం ఉన్న బంకులో పోయించండి. ట్యాంకర్ అప్పుడే దింపుతుంటే ఇంకో బంకుకు వెళ్లండి.

హరిత_మణికొండ

అయితే ల్యాబ్ గారి లెక్క ప్రకారం నా మాటే గెలిచింది! చెమ్మ సమస్యే కాకపోతే ట్యాంక్ నింపడం ఎందుకు?

ల్యాబ్_విశ్రాంతి

సగం గెలిచారమ్మా. నింపమనేది ముఖ్యంగా నీళ్ల కోసం కాదు. పెట్రోల్ అంటే ఒకే పదార్థం కాదు, తేలిగ్గా ఆవిరయ్యేవీ బరువైనవీ ఎన్నో కలిసిన మిశ్రమం. చల్లటి ఇంజిన్‌ను అంటించేది ఆ తేలికైన భాగమే. పైన 30 లీటర్ల ఖాళీ ఉంటే ఆ భాగం లేచి ఆ చోటంతా నిండుతుంది. పగటి వేడికి ఊపిరి వదిలినప్పుడల్లా కొంత బయటికి, ఆవిరిని పట్టుకునే చార్‌కోల్ డబ్బాలోకి పోతుంది. 7 లీటర్ల నుంచి అంత పోతే మిగిలింది మందకొడిగా అంటుకుంటుంది. 35 లీటర్ల మీద 2 లీటర్ల ఖాళీ ఉంటే పోయేది తక్కువ, పోయినా అంత పెద్ద మొత్తంలో తెలియదు.

రెండోది ఆక్సిజన్. పెట్రోల్‌లో కొన్ని భాగాలు ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా జిగురుగా మారతాయి. ఆ జిగురు ఇంజెక్టర్ల మొనల దగ్గరా, పంపు జల్లెడ మీదా పేరుకుంటుంది. లీటరుకు అందే గాలి ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. మాస్టారి 2023 కథలో కొట్టుకుంటూ ఆగిపోయిందంటే అది జిగురు కావచ్చు, నీళ్లూ కావచ్చు. అప్పుడు తీసిన పెట్రోల్ ఎవరైనా సీసాలో పట్టి చూశారా మాస్టారూ?

కాకినాడ_మాస్టారు

సీసాలో పట్టలేదండీ, బకెట్‌లోకి తీశారు. రంగు మాత్రం టీ డికాక్షన్‌లా ఉంది. వాసన కూడా పెట్రోల్ వాసన కాదు, పాత వార్నిష్ డబ్బా మూత తీసినట్టు ఘాటుగా, పుల్లగా ఉంది.

ల్యాబ్_విశ్రాంతి

అయితే అది జిగురే. నీళ్లు చేరితే పొరలైనా కనిపిస్తాయి, మసకగానైనా ఉంటుంది. రంగు ముదిరి వార్నిష్ వాసన వచ్చిందంటే ఆక్సిజన్ పని చేసినట్టు. నాలుగు నెలలకే అంతలా మారిందంటే అంతకుముందు నుంచే ట్యాంక్ అడుగున పాత పెట్రోల్ ఉండిపోయి ఉండాలి. మీరు ఎప్పుడూ రిజర్వుకు దగ్గరగా నాలుగేసి, ఐదేసి లీటర్లు పోయించుకునేవారా?

కాకినాడ_మాస్టారు

అవునండీ, 500 రూపాయలకు పోయించడం నా అలవాటు. మీరు చూసినట్టే చెప్పారు.

మంచుదేశం_సతీష్

మిన్నెసోటాలో ఉంటాను. మాకు రెండో కారు ప్రతి ఏటా నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా గరాజ్‌లోనే ఉంటుంది. పన్నెండేళ్లుగా చేస్తున్న పద్ధతి చెబుతాను. ఫ్యూయల్ స్టెబిలైజర్ అని దొరుకుతుంది. దాన్ని ముందు ట్యాంక్‌లో పోసి, తర్వాత పెట్రోల్ నింపాలి. అప్పుడు పెట్రోల్ ధారకే అది కలిసిపోతుంది. తర్వాత పది పదిహేను కిలోమీటర్లు నడపాలి. ఎందుకంటే ట్యాంక్‌లో కలిపింది పైపుల్లో, ఇంజెక్టర్లలో ఉన్న పాత పెట్రోల్‌ను తోసేసి తాను అక్కడికి చేరాలి. చాలామంది సీసా ఒంపేసి మూత పెట్టేస్తారు, ట్యాంక్‌లోది బాగుంటుంది కానీ ఇంజెక్టర్లలోది ఎండిపోతుంది.

మాకు చలి వల్ల ఇంకో చిక్కు ఉంది. పెట్రోల్ చల్లబడే కొద్దీ అది మోయగలిగే నీరు తగ్గుతుంది, శరదృతువులో కలిసి ఉన్నది జనవరిలో విడిపోవచ్చు. కాకినాడలో ఆ బాధ లేదు.

నల్గొండ_నవీన్

స్టెబిలైజర్ మన దగ్గర బంకులోనే అమ్ముతున్నారు కదా, చిన్న సీసా, 200 రూపాయల లోపు. నేను ప్రతి సర్వీస్‌కీ పోస్తాను. ఎక్కువ రోజులు ఆపాలంటే రెండు సీసాలు పోస్తే సరి.

ఆటోనగర్_రాజు

నవీన్ తమ్ముడూ, బంకులో దొరికేది చాలావరకు ఇంజెక్టర్ క్లీనర్. పేరుకున్న మడ్డిని కడగడానికి అది. పెట్రోల్ ముదరకుండా ఆపడం దాని పని కాదు. సీసా తిప్పి చూడు, స్టెబిలైజర్ అయితే ఇన్ని నెలలు నిల్వ ఉంచుతుందని రాసి ఉంటుంది. అది లేకపోతే కాదు. ఆక్టేన్ బూస్టర్ కూడా వేరే.

ల్యాబ్_విశ్రాంతి

రాజు గారు సరిగ్గా చెప్పారు. స్టెబిలైజర్‌లో ముఖ్యమైనది ఆక్సిజన్ చేసే పనిని ఆలస్యం చేసే రసాయనం. దాని పని ముందునుంచి కాపాడడమే. ముదిరిపోయిన పెట్రోల్‌ను అది తాజాగా మార్చలేదు, విడిపోయిన నీళ్ల పొరను మళ్లీ కలపలేదు. అందుకే పాత ఆరేడు లీటర్ల మీద పోసి వెళ్లిపోతే లాభం లేదు, తాజా పెట్రోల్‌కే పోయాలి.

రెండు సీసాలు పోస్తే రెట్టింపు కాలం ఉంటుందన్నది కూడా సరికాదు. సీసా మీద ఉన్న కొలతే. ఆ కొలత కూడా రకానికో తీరుగా ఉంటుంది. సతీష్ గారూ, మీరు వాడేదానిది ఎంత?

మంచుదేశం_సతీష్

నేను వాడేది రెండున్నర గ్యాలన్లకు ఒక ఔన్సు. మన లెక్కలో దాదాపు 10 లీటర్లకు 30 మిల్లీలీటర్లు. మాస్టారి 35 లీటర్లకు 105 మి.లీ. అవుతుంది. కానీ పడవలకు అమ్మే గాఢమైన రకం పది గ్యాలన్లకు ఒక ఔన్సే, అంటే దీనిలో నాలుగో వంతు. కాబట్టి నా అంకె పట్టుకుని ఇంకో సీసాకు వాడొద్దు.

సీఎన్‌జీ_సుధాకర్

మధ్యలో నా గోడు. హైదరాబాద్‌లో నాది సీఎన్‌జీ బండి. గ్యాస్ మీదే తిరుగుతాను, పెట్రోల్ పొద్దున్నే స్టార్ట్ అవడానికి కాసేపు తప్ప ఖర్చు కాదు. పోయిన దసరాకు పోయించిన ఎనిమిది లీటర్లలో ఇంకా ఐదు ఉన్నాయి. ఇదంతా చదువుతుంటే టెన్షన్ పట్టుకుంది. నా బండి రోజూ నడుస్తున్నా పెట్రోల్ మాత్రం నిల్వలో ఉన్నట్టే కదా?

ఆటోనగర్_రాజు

నిల్వలో ఉన్నట్టే సుధాకర్ గారూ. నా దగ్గరికి పంపు మార్పించుకోవడానికి వచ్చే సీఎన్‌జీ బళ్లలో ఇదే కథ. వారానికి ఒకరోజు స్విచ్ పెట్రోల్ మీద పెట్టి ముప్పై నలభై కిలోమీటర్లు తిప్పండి. ఉన్నది అయిపోయాక కొత్తది పోయించండి. మీకు స్టెబిలైజర్ అక్కర్లేదు, ఖర్చు పెట్టేయడమే మందు.

హరిత_మణికొండ

100 ఆక్టేన్ ఖరీదైన పెట్రోల్‌లో ఇథనాల్ ఉండదంటున్నారు, మాస్టారు అది పోయిస్తే ఈ గొడవే ఉండదేమో?

ల్యాబ్_విశ్రాంతి

ఉందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. గీతలున్న గాజు గొట్టంలో 10 మి.లీ. నీళ్లు పోసి, దాని మీద 100 మి.లీ. పెట్రోల్ పోయండి. మూత పెట్టి ఊపి, మెల్లగా మూత వదిలించి ఆవిరి పోనిచ్చి, పది నిమిషాలు కదలకుండా ఉంచండి. ఇథనాల్ పెట్రోల్‌ను వదిలి నీళ్లలోకి దిగుతుంది. కింది పొర 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేనట్టు. 30 దగ్గరికి పెరిగితే ఈ20. ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

కానీ ఐదున్నర నెలల కోసం మాస్టారు అంత డబ్బు పెట్టాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. తాజా ఈ20 నిండుగా పోయించి స్టెబిలైజర్ కలిపితే చాలు. నిజం చెప్పాలంటే నిండు ట్యాంక్, బిగుతైన మూత ఉంటే స్టెబిలైజర్ లేకుండా కూడా ఐదు నెలలకు చాలా బళ్లు స్టార్ట్ అవుతాయి. ఒకసారి దెబ్బ తిన్నారు కాబట్టి వాడమంటున్నాను.

మంచుదేశం_సతీష్

"స్టార్ట్ అవుతాయి" అన్నదానితో నాకు పేచీ ఉంది ల్యాబ్ గారూ. స్టార్ట్ అవడం వేరు, జిగురు మొదలవకపోవడం వేరు. 105 మి.లీ. సీసా ఖర్చు ముందు ఇంజెక్టర్ల శుభ్రం ఖర్చు ఎంత? నేనైతే మూడు నెలలు దాటితే కలపాల్సిందే అంటాను.

ల్యాబ్_విశ్రాంతి

మీ పద్ధతిని తప్పు పట్టను. మూడు నెలలా, ఆరా అన్న గీత పెట్రోల్ రకాన్ని బట్టీ, వేడిని బట్టీ జరుగుతుంది. కాకినాడ వేడిలో మీ గీత వైపే మొగ్గుతాను.

కాకినాడ_మాస్టారు

నింపడమంటే మూతి దాకానా?

ఆటోనగర్_రాజు

కాదు కాదు! గన్ తనంతట తాను కట్ అయిన దగ్గరే ఆపించండి. మన బంకుల్లో రౌండ్ ఫిగర్ కోసం ఇంకో రెండు మూడు సార్లు నొక్కుతారు, అది వద్దని ముందే చెప్పండి. పెట్రోల్ వేడికి పెరుగుతుంది, దానికి చోటు కావాలి. చోటు లేకపోతే ఆవిరి పట్టే చార్‌కోల్ డబ్బాలోకి ద్రవమే వెళ్లి బొగ్గు తడిసిపోతుంది. ఆ డబ్బా ఒకసారి తడిస్తే మళ్లీ సరిగ్గా పనిచేయడం కష్టం.

డీజిల్_బాబాయ్

మాది డీజిల్ ఇన్నోవా, రాజమండ్రిలో తమ్ముడి ఇంట్లో ఎనిమిది నెలలు ఉంటుంది. ఇదంతా దానికీ వర్తిస్తుందా?

ఆటోనగర్_రాజు

నింపడం వర్తిస్తుంది, కారణం వేరు బాబాయ్. డీజిల్ అడుగున నీళ్లు చేరితే ఆ నీళ్లకూ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జారుడు మడ్డి కడతాయి. ఫిల్టర్ కింద నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది, ఆపే ముందు అది తిప్పి నీళ్లు తీసేయించండి. పెట్రోల్ స్టెబిలైజర్ దీనికి పోయకండి, డీజిల్‌కు విడిగా ఉంటుంది.

కాకినాడ_మాస్టారు

పెట్రోల్ సంగతి అర్థమైంది. ఇక ఆయిల్. 3,800 కిలోమీటర్లకే మార్చడానికి మనసు ఒప్పడం లేదు. డిప్‌స్టిక్ తీసి చూశాను, లెవెల్ సరిగ్గానే ఉంది, రంగు నల్లగా ఉంది. ఎలాగూ వచ్చాక సర్వీస్ చేయించాలి కదా, అప్పుడు మార్చితే ఒక ఆయిల్ ఖర్చు మిగులుతుంది.

నల్గొండ_నవీన్

నల్లగా ఉందంటే పాడైపోయినట్టే మాస్టారూ.

ఆటోనగర్_రాజు

నలుపు చూసి భయపడక్కర్లేదు. నల్లబడిందంటే మసిని పట్టుకుని తనలో ఉంచుకుంటోందని, అది దాని పనే. మాస్టారు గారి ఆయిల్‌కు అసలు సమస్య కిలోమీటర్లు కాదు, ఆ మూడేసి కిలోమీటర్ల తిరుగుళ్లు. రెండు పనులు చేయండి. డిప్‌స్టిక్ వాసన చూడండి, పెట్రోల్ వాసన వస్తోందా? ఆయిల్ పోసే మూత తీసి లోపలి వైపు చూడండి, తెల్లటి వెన్నలాంటి పూత ఉందా?

కాకినాడ_మాస్టారు

ఇప్పుడే కిందికి వెళ్లి చూసి వచ్చాను. పెట్రోల్ వాసన కొద్దిగా వస్తోంది. మూత లోపల లేత గోధుమ రంగులో పలచటి మీగడలా ఉంది, వేలితో తుడిస్తే వచ్చేసింది. ఇంజిన్ పోయినట్టా?

ఆటోనగర్_రాజు

పోలేదు, కంగారు పడకండి. ఆ మీగడ డిప్‌స్టిక్ మీద కూడా ఉండి, కూలెంట్ తగ్గుతూ ఉంటే భయపడాలి. మూతకు మాత్రమే ఉంటే అది తక్కువ దూరాల తిరుగుడు గుర్తు.

ల్యాబ్_విశ్రాంతి

ఎందుకలా అవుతుందో చెబుతాను, అప్పుడు మాస్టారికి ఆయిల్ మీద మమకారం పోతుంది. ఒక లీటరు పెట్రోల్ కాలితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. పెట్రోల్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలవడమే దానికి కారణం. అందులో చాలావరకు ఆవిరిగా సైలెన్సర్ నుంచి పోతుంది. కొద్ది భాగం పిస్టన్ రింగుల పక్క నుంచి కింద ఆయిల్ ఉన్న చోటికి జారుతుంది. దాంతోపాటు కాలని పెట్రోల్, కొన్ని ఆమ్లాలు కూడా. దూరప్రయాణంలో ఆయిల్ బాగా కాగి నీటినీ పెట్రోల్‌నూ ఆవిరి చేసి వదిలించుకుంటుంది. మూడు కిలోమీటర్లకు కాగదు. అవన్నీ అందులోనే మిగులుతాయి.

ఆమ్లాలను విరిచే గుణం కొత్త ఆయిల్‌లో ఎక్కువ ఉంటుంది, వాడే కొద్దీ ఖర్చవుతుంది. రోజూ నడిచే ఇంజిన్‌లో ఆ కలుషితాలు కదులుతూ ఉంటాయి. ఆపిన ఇంజిన్‌లో అదే ఆయిల్ పలచటి పొరగా బేరింగుల మీద ఐదున్నర నెలలు నిలబడుతుంది. ఆ నీటితో, ఆమ్లంతో అన్ని నెలలు నిలబెడదామా? వచ్చాక మార్చితే ఆ నిలబడే పని పాత ఆయిలే చేసి ఉంటుంది. అందుకే వెళ్లే ముందు.

హరిత_మణికొండ

ఇది మాత్రం ఒప్పుకుంటున్నాను. మరి వచ్చాక మళ్లీ మార్చాలా? అప్పుడు రెండు ఖర్చులు.

మంచుదేశం_సతీష్

నేను మార్చను. నవంబర్‌లో పోసిన ఆయిల్‌తోనే వేసవంతా తిరుగుతాను. కదలకుండా కూర్చున్న శుభ్రమైన ఆయిల్‌కు ఐదు నెలల్లో ఏమీ కాదు. కాకపోతే కంపెనీ చెప్పిన 12 నెలల గడువు పోసిన రోజు నుంచే లెక్క, కారు నిద్రపోయిందని అది ఆగదు.

నల్గొండ_నవీన్

వాచ్‌మన్ ఐదు నిమిషాల సంగతి ఎవరూ చెప్పలేదు. మా ఊళ్లో అందరూ అదే చేస్తారు, బ్యాటరీ బాగుంటుంది.

ల్యాబ్_విశ్రాంతి

పైన చెప్పిన లెక్కే ఇక్కడా పనికొస్తుంది. ఊరికే నిలబెట్టి ఐదు నిమిషాలు నడిపితే యాభై అరవై మి.లీ. పెట్రోల్ కాలుతుంది, దాదాపు అంతే నీరు పుడుతుంది. ఆ ఐదు నిమిషాల్లో సైలెన్సర్ కాగదు, అందులో కొంత అక్కడే నీరై నిలిచి లోపల తుప్పు పడుతుంది. ఆయిల్ కాగదు, పెట్రోల్ దిగుతుంది. ఇలా 23 వారాలు చేస్తే, కొత్తగా పోసిన ఆయిల్‌ను మళ్లీ మీరు ఇవాళ చూసిన మీగడ స్థితికి తెచ్చినట్టే. స్టార్ట్ చేసినప్పుడు బ్యాటరీ నుంచి తీసుకున్నది కూడా ఆ ఐదు నిమిషాల్లో పూర్తిగా తిరిగి చేరదు.

ఆటోనగర్_రాజు

నడిపేవాడు నమ్మకస్తుడైతే నెలకోసారి ముప్పై నలభై నిమిషాలు రోడ్డు మీద తిప్పొచ్చు. లేదంటే ముట్టుకోకపోవడమే మేలు. బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీసి వెళ్లండి.

ఎలుకల_బాధితుడు

మీరంతా పెట్రోల్, ఆయిల్ అంటున్నారు కానీ నా కారు మూడు నెలలు ఆగితే ఎలుకలు ఇంజెక్టర్ వైర్లే కొరికేశాయి. బానెట్ కింద కొబ్బరి పీచుతో గూడు కట్టాయి. మాస్టారూ, అది కూడా చూసుకోండి.

కాకినాడ_మాస్టారు

మా కింద ఎలుకలు ఉన్నాయండీ. దానికి విడిగా ఇంకో చర్చ పెడతాను.

ఇప్పుడు వరస సరిగ్గా అర్థమైందో లేదో చెప్పండి. ఉన్న ఆరేడు లీటర్లు ఈ వారం తుని దాకా వెళ్లి వచ్చి ఖర్చు చేస్తాను, ఆ దూరానికి ఆయిల్ కూడా బాగా కాగుతుంది. వేడి మీదే ఆయిల్, ఫిల్టర్ మార్పిస్తాను. తర్వాత వాన లేని పూట 105 మి.లీ. కొలిచి ట్యాంక్‌లో పోసి, గన్ కట్ అయ్యేదాకా పెట్రోల్ నింపిస్తాను. సామర్లకోట దాకా వెళ్లి ఇంటికి వచ్చి ఆపేస్తాను. అంతేనా?

ఆటోనగర్_రాజు

అంతే. ఆ సామర్లకోట ప్రయాణం రెండు పనులు చేస్తుంది. స్టెబిలైజర్ కలిసిన పెట్రోల్ ఇంజెక్టర్లకు చేరుతుంది, కొత్త ఆయిల్ ప్రతి మూలకూ తిరుగుతుంది. ఖర్చు చేసేటప్పుడు రిజర్వు లైటు వెలిగాక మరీ సాగదీయకండి, పంపు గురించి చెప్పాను కదా. 105 అన్నది సతీష్ గారి సీసా లెక్క, మీ సీసా చూసి పోయండి. ఇంకో మాట. హ్యాండ్‌బ్రేక్ వేయకండి, గేర్‌లో ఉంచి చక్రాల కింద చెక్కముక్కలు పెట్టండి.

వైజాగ్_పద్మజ

మూత రబ్బరు చూసుకోండి మాస్టారు గారూ. మా అనుభవం అది.

కాకినాడ_మాస్టారు

నిన్న డాలస్ నుంచి వచ్చాం, మనవరాలు పుట్టింది. అందుకని ముందు అందరికీ స్వీట్లు బాకీ.

కారు సంగతి. అందరూ చెప్పినట్టే చేసి వెళ్లాను. నా సీసా కూడా 10 లీటర్లకు 30 మి.లీ. రకమే దొరికింది. ఇవాళ పొద్దున బ్యాటరీ తీగ బిగించి, ముందు డిప్‌స్టిక్ తీశాను. తేనె రంగు, పెట్రోల్ వాసన లేదు. ఆయిల్ మూత లోపల పొడిగా ఉంది. తాళం ఆన్ చేసి పంపు చప్పుడు ఆగేదాకా ఉంచి, మళ్లీ ఆపి, మళ్లీ ఆన్ చేశాను. బ్యాటరీ నీరసంగా తిరిగింది కానీ రెండోసారికి అందుకుంది. మొదటి నిమిషం కాస్త వణికింది, తర్వాత మామూలే. అన్నవరం వెళ్లి దర్శనం చేసుకుని వచ్చాం.

ఒక్క అనుమానం. ఇంకా 28 లీటర్ల దాకా పాత పెట్రోలే ఉంది. దీన్ని పూర్తిగా వాడేయాలా, మధ్యలో కొత్తది కలపాలా?

ల్యాబ్_విశ్రాంతి

మనవరాలికి ఆశీస్సులు మాస్టారూ. సగానికి వచ్చాక తాజాది నింపించండి, అది తేలికైన భాగాన్ని మళ్లీ తెచ్చి ఇస్తుంది.

ఆటోనగర్_రాజు

నేనైతే పూర్తిగా వాడేసి నింపమంటాను, పాతదాని మీద కొత్తది పోస్తే అడుగుది అడుగునే ఉంటుందని నా అనుమానం.

ల్యాబ్_విశ్రాంతి

అలా ఉండదు రాజు గారూ, పెట్రోల్‌లో పెట్రోల్ కలిసిపోతుంది. మీరు చూసే అడుగు మడ్డి ఎక్కడిదో నాకు కూడా చూడాలని ఉంది. ఈసారి ట్యాంక్ దింపినప్పుడు ఒక సీసాలో పట్టి ఫొటో పెట్టండి.

ఆటోనగర్_రాజు

సోమవారం ఒక సీఎన్‌జీ బండి వస్తోంది, ట్యాంక్ దింపాలి. తప్పకుండా పెడతాను.

సీఎన్‌జీ_సుధాకర్

అది నాదే రాజు గారూ. శనివారం విజయవాడలో పెళ్లి ఉంది, బండి అక్కడికే తెస్తున్నాను.